ఇరవై ఐదు వేలకు రెండు దావత్‌లు, ముఫ్త్‌లో దుల్హన్ తస్వీర్

మన పాలమూరు, నల్లగొండ జిల్లాల్లో ఫోటోలు తీసి రోజీ సంపాదించుకునే కుర్రాళ్లకు ఈమధ్య సలహాలిచ్చేవాళ్లు ఎక్కువయ్యారు. మంచి లోగో వేయించుకో, రోజుకో రీల్ పెట్టు, డ్రోన్ కొను, పేరు చివర వెడ్డింగ్ స్టోరీస్ అని తగిలించు, పెద్ద ఖాందాన్‌లు వాటంతటవే వస్తాయి అంటారు. నాకు ఈ మాటల మీద ఎతెబార్ లేదు. లోగో చూసి డెబ్బై ఐదు వేలు తీసిచ్చే అబ్బాజాన్‌ని నేను ఇంతవరకు చూడలేదు. మంచి కీమత్ ఇవ్వగలిగిన మన ఇళ్లలో అడిగే మొదటి మాట వేరే ఉంటుంది. ‘మా ఆడపిల్లల తస్వీర్లు ఎవరెవరి చేతుల్లో పడతాయి బేటా?’ దీనికి గట్టి జవాబు ఉన్నవాడే మన దగ్గర ప్రీమియం ఫోటోగ్రాఫర్. ఆ జవాబు లేనివాడు ఎంత ఖరీదైన కెమెరా మెడలో వేసుకున్నా చౌక సౌదాలోనే ఉండిపోతాడు.

ఈ సంగతి మన దక్కన్‌లో నూట ముప్పై ఏళ్ల కిందటే ఒకాయన కనిపెట్టాడు. లాలా దీన్ దయాళ్. మీరట్ దగ్గరి సర్ధానాలో 1844లో పుట్టాడు, రూర్కీలో ఇంజనీరింగ్ చదివాడు, ఇందౌర్‌లో సర్కారీ నౌకరీ చేస్తూ కెమెరా పట్టాడు. తర్వాత ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ దర్బారు ఫోటోగ్రాఫర్ అయ్యాడు. పాలమూరు మహబూబ్‌నగర్ అయింది ఈ నిజాం పేరు మీదే. దీన్ దయాళ్‌కు ముసవ్వర్ జంగ్ అన్న ఖితాబు ఇచ్చిందీ ఆయనే. దర్బార్లు, షికార్లు, మహళ్లు తీసిన ఫోటోగ్రాఫర్‌గానే అందరూ ఆయన్ని చెప్పుకుంటారు. నాకు ముఖ్యమనిపించేది 1892లో హైదరాబాద్‌లో ఆయన తెరిచిన జనానా స్టూడియో. చుట్టూ ఎత్తయిన గోడలు. లోపల పని చూసేది ఆడవాళ్లే. దాని బాధ్యత మిసెస్ కెన్నీ-లెవిక్ అనే ఇంగ్లీషు మహిళకు అప్పగించాడు. అప్పటిదాకా ఏ మగ ఫోటోగ్రాఫర్ ముందూ కూర్చోలేని పర్దానషీన్ బేగంలకు ఆ తలుపు తెరుచుకుంది. దర్బారులో అంత పేరున్న మనిషికి కూడా జనానా గుమ్మం దాటడానికి ఆ పేరు చాలలేదు, గోడ కట్టాల్సొచ్చింది, ఆడమనిషిని పెట్టాల్సొచ్చింది. బ్రాండ్ అంటే నాకు అర్థమైంది ఆ గోడే.

ఇప్పుడు మన షాదీఖానాల్లో ఆ గోడ ఏదీ? మధ్యలో ఒక పచ్చ పర్దా కడతారు. దాని అవతలికి వీడియో కుర్రాడు లైటు పట్టుకుని నేరుగా నడిచిపోతాడు. ఖాలాలు, ఫుప్పులు దుపట్టాలు సర్దుకుంటూ మొహాలు తిప్పుకుంటారు. నెల తర్వాత ఆ దుల్హన్ మొహం ఎవరి పేజీలోనో పాటతో సహా తిరుగుతుంది. చౌకలో దొరికాడని పిలిచారు కదా, తక్కువ పడిన డబ్బును అతను ఇశ్తెహార్‌గా రాబట్టుకుంటాడు.

నల్లగొండలో నాకు తెలిసిన ఒక కుర్రాడి హిసాబ్ చెబుతాను, పేరు రాయను. నికాహ్, వలీమా కలిపి రెండు రోజులకు ఇరవై ఐదు వేలు తీసుకునేవాడు. ఏడాదికి నలభై బుకింగులు, అంటే పది లక్షల రాబడి. వినడానికి బాగుంది. కానీ ఒక్కో షాదీకి వీడియో మనిషికి 6,000, ఆల్బమ్‌కు 7,000, బయట ఎడిటింగ్, డిజైనింగ్‌కు 4,000, పెట్రోలు, హార్డ్ డిస్కులు వగైరాకు 2,000 పోయేవి. చేతిలో మిగిలేది 6,000. నలభైకి 2,40,000. అందులోంచి కెమెరా, లెన్సుల అరుగుదలకు ఏడాదికి 60,000 తీస్తే మిగిలింది లక్షా ఎనభై వేలు, నెలకు పదిహేను వేలు. అతని కింద వీడియో తీసేవాడు నయం, వాడికి లెన్సు ఖర్చు లేదు!

డబ్బు కన్నా పెద్ద నష్టం రోజులది. ఒక్కో షాదీకి తీయడానికి రెండు రోజులు, ఫోటోలు ఏరడానికి, సరిచేయడానికి, ఆల్బమ్ చేయించడానికి నాలుగు రోజులు. నలభైకి 240 రోజుల పని, అదీ కొన్ని నెలల్లోనే వచ్చి మీద పడుతుంది. అందుకే ఆల్బమ్ ఆలస్యం. ఆల్బమ్ రాలేదని ఇంటివాళ్లు బాకీ ఆపుతారు. ఆ బాకీ రాక ఇతను ఇంకో చౌక బుకింగ్ ఒప్పుకుంటాడు. కొన్ని ఇళ్లకు ఆల్బమ్ చేరేసరికి అకీఖా కూడా అయిపోతుంది. ఇలాంటి చోట పేరు ఎలా నిలుస్తుంది?

అతను మార్చింది ముందు మనిషిని. వాళ్ల ఖాలా కూతురు మెహందీ పెట్టేది. ఆమెకు నాలుగు నెలలు కెమెరా నేర్పాడు. జనానా హాలులో తీయడం తేలిక కాదు. రంగురంగుల లైట్లకు మొహాలు నీలంగా వస్తాయి, పచ్చ పర్దా పక్కన కూర్చున్నవాళ్ల బుగ్గల మీద పచ్చదనం పడుతుంది. ఫ్లాష్‌ను నేరుగా మొహం మీద కొట్టకుండా తెల్లటి సీలింగు వైపు తిప్పడం, దుల్హన్‌ను పర్దాకు రెండు గజాలు ఇవతల కూర్చోబెట్టడం, వైట్ బ్యాలెన్స్ చేత్తో పెట్టుకోవడం, ఇవి చేతికొచ్చాకే ఆమెను పంపాడు. ఊరికే ఒక ఆడమనిషిని నిలబెట్టి లేడీ ఫోటోగ్రాఫర్ అనడం కూడా మోసమే. తస్వీర్లు చెడితే ఆ ఖాందాన్ మళ్లీ పిలవదు.

తర్వాత ఒక కాగితం రాశాడు, ఒక పక్క తెలుగు, ఒక పక్క ఉర్దూ. జనానా వైపు మెమరీ కార్డులు వేరు, వాటికి ఎర్ర టేపు. ఆ ఫోటోలు బయటి ఎడిటర్‌కు వెళ్లవు, ఆమె తన కంప్యూటర్లోనే చేస్తుంది. ఆల్బమ్ 45 రోజుల్లో ఇస్తారు. ఇచ్చిన 60 రోజులకు తమ దగ్గరి జనానా ఫోటోలన్నీ చెరిపేస్తారు, ఆలోపు ఇంటివాళ్లు తమ కాపీ భద్రం చేసుకోవాలి. ఏ తస్వీర్ పేజీలో పెట్టాలన్నా ఆ ఒక్క తస్వీర్‌కు రాతపూర్వకంగా ఇజాజత్ కావాలి.

‘నేను తీశాను, ఫోటో నాది’ అని వాదించే ఫోటోగ్రాఫర్లు ఇక్కడ ఆగి వినాలి. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, ఎవరైనా డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోకు, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు తీయించుకున్నవాళ్లే. అంటే దుల్హన్ తస్వీర్‌ను అడగకుండా పేజీలో పెట్టేవాడు తన సొత్తును చూపించుకోవడం లేదు, పరాయి అమానత్‌ను వాడుకుంటున్నాడు. ఇంటివాళ్లకు ఈ సంగతి తెలియదు కాబట్టే ఇది నడుస్తోంది.

‘దుల్హన్‌ను చూపించకపోతే మా హునర్ ఎవరికి తెలుస్తుంది భాయ్?’ అని అడుగుతారు. సవాలు సరైనదే. ఆ కుర్రాడి పేజీలో ఇప్పుడు కనిపించేవి మెహందీ చేతులు, నికాహ్‌నామా మీద దస్తఖత్ పెడుతున్న వేళ్లు, సెహ్రా పూల వెనక దూల్హా నవ్వు, దస్తర్‌ఖాన్ చుట్టూ మర్దానా. అవి చాలవు, ఒప్పుకుంటాను. అందుకే అతను ఇద్దరు ముగ్గురు పాత ఖాందాన్‌ల అనుమతితో అసలు ఆల్బమ్ ఒకటి ఉంచుకున్నాడు. కొత్త ఇంట్లో మగవాళ్లతో ఇతను ముందుగదిలో మాట్లాడుతుంటే, ఆమె లోపల అమ్మీకి, ఖాలాలకు ఆ ఆల్బమ్ చూపిస్తుంది. సౌదా కుదిరేది లోపలి గదిలోనే. రీల్ చూసి వచ్చినవాళ్ల మొదటి మాట ‘కిత్నే మే కర్తే?’ అని ఉంటుంది. ఆ గదిలోంచి వచ్చిన కబురు ‘ఆ బాజీ ఆ తారీఖున ఖాళీగా ఉందా?’ అని వస్తుంది. ఎవరు ఏ మాటతో మొదలుపెట్టారో అతను నోట్‌బుక్‌లో రాసుకుంటాడు. బ్రాండ్ పెరుగుతోందా లేదా అన్నది ఆ పేజీలు చెబుతాయి, లైకులు కాదు.

కొత్త కీమత్ 75,000. ఆమెకు రెండు రోజులకు 12,000, వీడియోకు 8,000, మంచి ఆల్బమ్‌కు 12,000, ఎడిటింగ్‌కు 8,000, ప్రయాణం వగైరాకు 3,000. మొత్తం 43,000 పోతే 32,000 మిగులుతుంది. ఏడాదికి పద్నాలుగు షాదీలు చేస్తే 4,48,000, అరుగుదల తీశాక 3,88,000. రాబడి దాదాపు పాతదే, మిగిలేది రెట్టింపు దాటింది, తీసే రోజులు ఎనభై నుంచి ఇరవై ఎనిమిదికి దిగాయి.

ఇది ఒక్క రోజులో అయ్యే పని కాదు. మొదటి ఏడాది అతను పాత రేటుకు పని తగ్గించుకుంటూ వచ్చాడు, ఆపేయలేదు. కానీ పాత రేటు పనిని వేరే కుర్రాడి పేరు మీద పంపాడు, తన పేరు మీద చేయలేదు. ఒకే పేరు మీద ఇరవై ఐదు వేలూ, డెబ్బై ఐదు వేలూ ఉంటే జనం చిన్న అంకెనే గుర్తుపెట్టుకుంటారు. బేరమాడేవాళ్లకు తగ్గింపు ఇవ్వడు, పని తగ్గిస్తాడు. నికాహ్ ఒక్కటే, మూడు గంటలు, ఆల్బమ్ లేకుండా, దానికో చిన్న రేటు. షరతుల కాగితం మాత్రం అందరికీ అదే. డబ్బు తక్కువిచ్చిన ఇంటి బిడ్డ ఇజ్జత్ తక్కువ కాదు కదా.

పది ఇళ్లకు రేటు చెబితే తొమ్మిదిళ్లు వెంటనే ఒప్పుకుంటే ఆ రేటు తక్కువని అర్థం. పదిలో ఒక్కటీ కుదరకపోతే చెప్పే చోటు తప్పు. దేవరకొండలో చిన్న దుకాణం నడిపే ఇంటికి వెళ్లి డెబ్బై ఐదు వేలు అడగడం స్ట్రాటజీ కాదు, జుల్మ్. పద్నాలుగు ఇళ్లూ నల్లగొండలోనే దొరకవని అతనికి తెలుసు. మిర్యాలగూడ, సూర్యాపేట, పాలమూరు, పిల్లలు గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉన్న ఇళ్లు, హైదరాబాద్‌లో మన జిల్లా చుట్టరికాలు, అన్నీ కలిస్తేనే ఆ లెక్క తేలుతుంది.

తారీఖుల్లో మాత్రం మన షాదీలు అతనికి మేలు చేస్తాయి. హిందూ పెళ్లిళ్లు ముహూర్తాన్ని బట్టి నడుస్తాయి, ఒకే రోజు ఊరంతా పెళ్లిళ్లు, మూఢం వస్తే అన్నీ బంద్. మన ఇళ్లలో రంజాన్, ముహర్రం తప్పించుకుంటే మిగతా రోజులు మాట్లాడుకుని పెట్టుకునేవే. పైగా హిజ్రీ సాల్ సుమారు పదకొండు రోజులు పొట్టి కాబట్టి ఆ ఖాళీ నెలలు ఏటా ముందుకు జరుగుతుంటాయి. రెండు క్యాలెండర్లూ గోడకు పెట్టుకున్నవాడు నెలకు రెండు తారీఖులే ఇస్తానని ధైర్యంగా చెప్పగలడు. ఆ తారీఖు కోసం షాదీని వారం జరిపిన ఇల్లు ఇప్పటికే ఒకటుంది. మధ్యవర్తి ఖాలా ఫోన్ చేసి షాదీఖానా కన్నా ముందు బాజీ తారీఖు ఖరారు చేయమన్నది.

ఇంటిపెద్దలకు ఒక మాట. ఈసారి ఫోటోగ్రాఫర్‌తో మాట్లాడేటప్పుడు ఎన్ని షీట్ల ఆల్బమ్ అని అడిగేముందు నాలుగు ప్రశ్నలు అడగండి. జనానాలోకి వచ్చేది ఎవరు? కార్డులు ఎవరి దగ్గర ఉంటాయి? ఎడిటింగ్ ఎక్కడ? ఎప్పుడు చెరిపేస్తారు? జవాబులు కాగితం మీద రాయించుకుని, కింద ఇద్దరి దస్తఖత్ అయ్యాకే అడ్వాన్స్ ఇవ్వండి.