గుర్తులు మార్చవద్దు, అర్థం తెలుగులో చెప్పండి

తెలుగు మాధ్యమంలో పదో తరగతి ముగించి పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా చేరిన పిల్లలు సర్క్యూట్ పటాన్ని సెల్‌ఫోన్‌లో ఫొటో తీసి, తెలుగులో రాసివ్వమని పాత బడి ఉపాధ్యాయులను అడుగుతుంటారు. అడగడం న్యాయమే. అయితే అందులో ఏది అనువదించాలి, ఏది ముట్టుకోకూడదు అన్నది ముందు తేల్చుకోవాలి.

మోటారు స్టార్టర్ పటాన్నే తీసుకుందాం. ఫేజ్ నుంచి బయలుదేరిన కరెంటు ఓవర్‌లోడ్ రిలేలోని 95-96 గుండా, STOP బటన్ గుండా, START బటన్ గుండా కాంటాక్టర్ కాయిల్‌కు చేరుతుంది. కాయిల్ రెండు కొసలు A1, A2. START బటన్‌కు పక్కదారిగా కాంటాక్టర్‌దే మరో కాంటాక్టు 13-14 ఉంటుంది. బటన్ మీది వేలు తీసినా మోటారు ఆగకుండా పట్టి ఉంచేది అదే.

ఈ అంకెలు, అక్షరాలు పరికరం మీదే అచ్చయి ఉంటాయి. చింతాద్రిపేట పక్కనున్న రిచీ స్ట్రీట్‌లో రిలే కొన్నా దాని మీద కనిపించేవి ఇలాంటి గుర్తులే. వాటిని తెలుగు చేస్తే విద్యార్థికి పటానికీ వస్తువుకూ పొంతన దొరకదు. గుర్తును అలాగే ఉంచి, పక్కన అది చేసే పని తెలుగులో రాయాలి.

అసలు చిక్కు NO, NC దగ్గర వస్తుంది. NO అంటే ‘కాదు’ అని కాదు, నార్మల్లీ ఓపెన్. దాన్ని ‘మామూలుగా తెరిచి ఉండేది’ అంటే ఇంకా ప్రమాదం. కుళాయి తెరిస్తే నీళ్లొస్తాయి, స్విచ్ తెరుచుకుంటే కరెంటు ఆగుతుంది. కనుక NO అంటే ‘కదపనంతవరకు కరెంటు పోనివ్వనిది’, NC అంటే ‘కదపనంతవరకు కరెంటు పోనిచ్చేది’ అని రాయండి. START బటన్ NO, STOP బటన్ NC. పటం అడుగున ‘ఆల్ కాంటాక్ట్స్ షోన్ ఇన్ డీ-ఎనర్జైజ్డ్ కండిషన్’ అన్న గమనిక ఉంటే, ‘కాయిల్‌కు కరెంటు లేనప్పుడు కాంటాక్టులు ఎలా ఉంటాయో అలా గీశారు’ అని చెప్పాలి. ఈ ఒక్క వాక్యం వదిలేస్తే పటమంతా తలకిందులవుతుంది.

పొరపాటు పడితే తెలిసిపోతుంది. 13-14 బదులు NC కాంటాక్టు కలిపితే, సప్లై ఇవ్వగానే START నొక్కకుండానే కాయిల్ లాగుతుంది. లాగగానే ఆ కాంటాక్టు విడిపోయి కాయిల్ వదులుతుంది, మళ్లీ లాగుతుంది. కాంటాక్టర్ టకటకమని కొట్టుకుంటుంది.

ఫొటోలో మరో మోసం ఉంది. మసకగా ఉంటే 96 ఏదో 98 ఏదో తెలియదు. 95-96 కాయిల్ దారిలో ఉండే NC. 97-98 NO, సాధారణంగా ట్రిప్ దీపానికి వెళ్తుంది. రెండోదాన్ని కాయిల్ దారిలో కలిపితే మామూలు వేళ మోటారు అసలు కదలదు. ఊహించి రాయకండి, కాగితానికి సమాంతరంగా ఫోన్ పట్టి మళ్లీ తీయమనండి.

తల్లిదండ్రులకూ ఒక మాట. తెలుగు రాత అర్థం చేసుకోవడానికే. వైరింగ్ చేశాక సప్లై లేకుండా మల్టీమీటర్‌తో చూసుకోవాలి, ల్యాబ్ అధ్యాపకులు సరేనన్నాకే స్విచ్ వేయాలి.