ఇల్లు తనఖా... కోర్టు లేకుండానే వేలం?

బ్యాంకు పరీక్షల్లో తరచూ కనిపించే ప్రశ్న ఇది: మీరు బ్యాంకులో డబ్బు వేస్తే బ్యాంకుకు, మీకు ఉన్న సంబంధమేంటి? బ్యాంకు రుణగ్రస్తురాలు, మీరు రుణదాత. అప్పు తీసుకుంటే ఇది తిరగబడుతుంది. ఇల్లు తనఖా పెడితే బ్యాంకు 'సెక్యూర్డ్ క్రెడిటర్' కూడా అవుతుంది. సివిల్ కోర్టుకు వెళ్లకుండానే ఆ ఇంటిని అమ్మి బకాయి రాబట్టుకునే అధికారాన్ని 2002 నాటి సర్ఫేసీ చట్టం దానికి ఇచ్చింది. కోర్టు లేదంటే పద్ధతి లేదని కాదు. అసలు చిక్కు గడువుల్లోనే ఉంది.

ఓ ఉదాహరణ చూద్దాం. రవి ఇంటి రుణం వాయిదాలు 90 రోజులు దాటినా కట్టలేదు. ఖాతా మొండి బకాయి అయింది. ఏప్రిల్ 10న సెక్షన్ 13(2) నోటీసు అందింది. 60 రోజుల్లో, అంటే జూన్ 9లోగా మొత్తం బాకీ కట్టాలి. లెక్క తప్పనిపిస్తే ఈలోపే రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పొచ్చు. రవి మే 1న పంపాడు. దాన్ని తోసిపుచ్చాలనుకుంటే బ్యాంకు 15 రోజుల్లో, అంటే మే 16లోగా కారణాలు తెలపాలి.

చాలామంది పొరబడేది ఇక్కడే. ఆ జవాబు నచ్చలేదని వెంటనే రుణ వసూలు ట్రైబ్యునల్‌కు (డీఆర్‌టీ) వెళ్లలేరు. సెక్షన్ 13(4) కింద బ్యాంకు చర్య తీసుకున్నాకే ఆ దారి తెరుచుకుంటుంది. జూన్ 20న బ్యాంకు స్వాధీనపు నోటీసు ఇంటి గోడకు అంటించింది. 45 రోజులు, అంటే ఆగస్టు 4లోగా రవి సెక్షన్ 17 కింద డీఆర్‌టీలో దరఖాస్తు వేయాలి. అయితే దరఖాస్తు వేసినంత మాత్రాన వేలం ఆగదు. ట్రైబ్యునల్ స్టే ఇస్తేనే ఆగుతుంది.

ఇల్లు ఖాళీ చేయకపోతే? బ్యాంకు సెక్షన్ 14 కింద జిల్లా మేజిస్ట్రేట్ సాయం కోరుతుంది. ఆ అధికారి అప్పు వివాదాన్ని తీర్పు చెప్పి తేల్చరు, స్వాధీనానికి తోడ్పడతారంతే.

చివరి గడువు మరీ ముఖ్యం. 2016 సవరణ తర్వాత, వేలం ప్రకటన వెలువడేలోపే ఖర్చులతో సహా బాకీ మొత్తం కట్టి ఇంటిని విడిపించుకోవాలి. 2023లో బాఫ్నా మోటార్స్ కేసులో సుప్రీంకోర్టు దీన్నే ఖాయం చేసింది. 'వేలం రోజు దాకా టైముంది కదా' అనుకుంటే ఇల్లు పోతుంది.

ఈ చట్టం అన్నింటికీ వర్తించదు. వ్యవసాయ భూమిపై తనఖా ఉంటే, బాకీ లక్ష రూపాయలు మించకపోతే, అసలు, వడ్డీ కలిపి 20 శాతం కంటే తక్కువే మిగిలి ఉంటే బ్యాంకు దీన్ని వాడలేదు. అప్పుడు మామూలు వసూలు దావాయే గతి.

మీ చదువు కోసం నాన్నగారు ఇల్లు తనఖా పెట్టి ఉంటే, వచ్చిన నోటీసును బీరువాలో దాచనివ్వకండి. అది అందిన తేదీని రాసి పెట్టండి. రోజుల లెక్క అక్కడి నుంచే మొదలవుతుంది.