ఏ రోగమో తర్వాత చెబుతామన్న చట్టం

మందుల ప్రకటనలను కట్టడి చేయడానికి 1954లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టమని వాడుకలో పిలుస్తారు. తాయెత్తు కడితే రోగం పోతుందనీ, ఒక్క సీసా తాగితే పోయిన సత్తువ తిరిగొస్తుందనీ ఊదరగొట్టేవాళ్లను ఆపడం దాని ఉద్దేశం. సెక్షన్ 3లో నాలుగు రకాల ప్రకటనలను నిషేధించారు. మొదటి మూడింటిలో పేచీ లేదు. గర్భస్రావం, గర్భనిరోధం గురించినవి, లైంగిక సామర్థ్యం పెంచుతామనేవి, రుతుదోషాలు సరిచేస్తామనేవి అని చట్టమే స్పష్టంగా చెప్పింది. నాలుగోది సుఖవ్యాధులతో మొదలై, ప్రభుత్వం నిబంధనల్లో పేర్కొనే మరే వ్యాధికైనా, మరే శారీరక స్థితికైనా మందు ఉందని ప్రకటించకూడదని ముగుస్తుంది.

ఏ వ్యాధి? చట్టంలో లేదు. ఎలాంటి వ్యాధి? అదీ లేదు. ఎవరిని సంప్రదించి చేర్చాలి? ఆ ఊసే లేదు. అలా చేర్చిన వ్యాధికి మందు ఉందని ప్రకటన వేస్తే మాత్రం మొదటి నేరానికి ఆరు నెలల దాకా జైలు. అంటే కొత్త నేరాన్ని సృష్టించే కలం మంత్రిత్వ శాఖ చేతికి వెళ్లింది. ఆ కలం ఎటు నడవాలో చెప్పే గీత మాత్రం పార్లమెంటు గీయలేదు.

ఈ చట్టాన్ని సవాలు చేస్తూ ఢిల్లీకి చెందిన హమ్‌దర్ద్ దవాఖానా సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఈ కేసు పేరు వినగానే చాలామంది విద్యార్థులు వాణిజ్య ప్రకటనలకు భావప్రకటన స్వేచ్ఛ వర్తించదన్న పాయింటు రాసి ఆగిపోతారు. కోర్టు ఆ మాట అన్నది నిజమే, 1995లో టాటా ప్రెస్ కేసు దాన్ని చాలావరకు పలచన చేసిందన్నదీ నిజమే. కానీ హమ్‌దర్ద్ తన ప్రధాన వాదనలో ఓడి, పక్క వాదనలో గెలిచింది. మితిమీరి అధికారం అప్పగించారన్న ఆ పక్క వాదనే ఈ వారం మనకు పాఠం.

న్యాయమూర్తి జె.ఎల్. కపూర్ రాసిన తీర్పు సారం ఇది: ఏ వ్యాధిని జాబితాలో చేర్చాలో నిర్ణయించడానికి పార్లమెంటు ఏ ప్రమాణాన్నీ, ఏ సూత్రాన్నీ చెప్పలేదు. కనుక ప్రభుత్వానికి దక్కింది గట్టులేని అధికారం. అందుకే ‘నిబంధనల్లో పేర్కొనే మరే వ్యాధి’ అన్న భాగాన్ని కత్తిరించి, మిగతా సెక్షన్‌ను నిలబెట్టారు. (పత్రాలు, వస్తువులు జప్తు చేసే సెక్షన్ 8లో ఒక భాగం కూడా పోయింది. అది హద్దులు లేని జప్తు గురించిన వేరే కారణం. రెండిటినీ కలపొద్దు.)

ఈ కొలబద్ద ఎక్కడి నుంచి వచ్చింది? 1951 నాటి ఢిల్లీ లాస్ యాక్ట్ వ్యవహారం నుంచి. రాజ్యాంగం కింద రాష్ట్రపతి సుప్రీంకోర్టు సలహా అడిగిన తొలి సందర్భం అది. ఏడుగురు న్యాయమూర్తులు కూర్చుని ఏడు అభిప్రాయాలు రాశారు. పరీక్ష కోసం ఏడూ చదివి తల బరువెక్కించుకోవడం అనవసరం. ఏడింటిలోనూ కలిసే చోటు పట్టుకుంటే చాలు. వివరాలు నింపే పని ప్రభుత్వానికి ఇవ్వొచ్చు. కానీ శాసనసభ తన మౌలిక శాసన విధిని, అంటే విధానాన్ని నిర్ణయించి దాన్ని కట్టుబడాల్సిన ప్రవర్తనా నియమంగా శాసించే పనిని, మరొకరికి అప్పగించి చేతులు దులుపుకోకూడదు. ఇంగ్లిషు పుస్తకాల్లో ఎసెన్షియల్ లెజిస్లేటివ్ ఫంక్షన్ అని చదివేది ఇదే.

ఆ కేసులో కోర్టు ముందున్న మూడు చట్టాల్లో ఏది నిలిచింది, ఏది పడింది అన్నది చూస్తే సూత్రం కళ్లకు కడుతుంది. వేరే ప్రాంతంలో అమల్లో ఉన్న చట్టాన్ని అవసరమైన మార్పులతో ఢిల్లీకి విస్తరించే అధికారం నిలిచింది. పార్ట్ సి రాష్ట్రాల కోసం చేసిన 1950 చట్టంలో కూడా విస్తరణ అధికారం నిలిచింది. కానీ అక్కడ అప్పటికే అమల్లో ఉన్న చట్టాన్ని రద్దు చేసే, సవరించే అధికారాన్ని కూడా ప్రభుత్వానికి ఇచ్చారు. ఆ ముక్కను కోర్టు ఒప్పుకోలేదు. ఉన్న చట్టం ఉండాలా పోవాలా అన్నది విధాన నిర్ణయం. దాన్ని శాసనసభే చేయాలి.

మరి విధానం ఎంత వివరంగా చెప్పాలి? ఇక్కడ కోర్టులు చాలా ఉదారంగా ఉన్నాయని ముందే ఒప్పుకోవాలి. 1948లో హరిశంకర్ బాగ్లా దంపతులు బొంబాయి నుంచి కాన్పూరుకు ఆరు మణుగులకు పైగా కొత్త నూలుబట్ట పర్మిట్ లేకుండా తీసుకెళ్తూ ఇటార్సీ స్టేషన్‌లో పట్టుబడ్డారు. పర్మిట్ కావాలన్నది ప్రభుత్వ ఉత్తర్వు. ఆ ఉత్తర్వుకు ఆధారం 1946 నాటి నిత్యావసర సరఫరాల చట్టం. సరఫరాలు నిలకడగా ఉండేలా, పెరిగేలా, సరుకులు సమంగా, సరసమైన ధరకు అందేలా ప్రభుత్వం ఉత్తర్వులు ఇవ్వొచ్చని ఆ చట్టం చెప్పింది. ఆ ఒక్క వాక్యమే తగిన విధానమని 1954లో సుప్రీంకోర్టు తేల్చింది. అంటే కొలత పెద్దది కానక్కర్లేదు, ఉంటే చాలు.

ఇప్పుడు హమ్‌దర్ద్‌కు తిరిగి వస్తే నాకొక ఇబ్బంది కనిపిస్తుంది. భావప్రకటన వాదనను తోసిపుచ్చేటప్పుడు కోర్టు ఆ చట్టం పుట్టుపూర్వోత్తరాలను తవ్వి తీసింది. జనం సొంత వైద్యంతో ప్రాణాల మీదకు తెచ్చుకోకుండా ఆపడమే లక్ష్యమని నమ్మింది. అదే లక్ష్యాన్ని సెక్షన్ 3లో నాలుగోదైన క్లాజు (డి)కి కూడా వర్తింపజేసి, సొంత వైద్యం ప్రమాదకరమైన జబ్బులనే ప్రభుత్వం చేర్చాలని చదువుకోవచ్చు కదా? బాగ్లా కేసు స్థాయి ఔదార్యం చూపి ఉంటే హమ్‌దర్ద్‌లో కత్తిరించిన ఆ మాటలు బతికేవే. ఒకే తీర్పులో లక్ష్యం ఒకచోట దారి చూపించి, మరోచోట కనిపించకుండా పోయింది. మౌలిక విధి పరీక్షకున్న అసలు బలహీనత ఇదే. విధానం ఉందా లేదా అన్నది వెతికే ఓపికను బట్టి మారుతుంది. మెయిన్స్‌లో ‘విమర్శనాత్మకంగా చర్చించండి’ అని వస్తే ఈ రెండు కేసులను పక్కపక్కన పెట్టండి. పది తీర్పుల పేర్లు పేర్చిన జవాబు కంటే అది బరువుగా ఉంటుంది.

అయితే తీర్పు తర్వాత జరిగింది తీర్పు కంటే ఎక్కువ నేర్పుతుంది. 1963లో పార్లమెంటు ఈ చట్టాన్ని సవరించింది. క్యాన్సర్, మధుమేహం, కంటిశుక్లం వంటి 54 వ్యాధుల షెడ్యూలును చట్టంలోనే చేర్చింది. కొత్త వ్యాధులను చేర్చే అధికారాన్ని ప్రభుత్వానికి మళ్లీ ఇచ్చింది, కానీ ఈసారి గట్టు కట్టి ఇచ్చింది. రిజిస్టర్డ్ వైద్యుడిని సంప్రదించి సకాలంలో చికిత్స చేయించుకోవాల్సిన వ్యాధి అయి ఉండాలి, లేదా సాధారణంగా ఒప్పుకున్న మందే లేని వ్యాధి అయి ఉండాలి. చేర్చే ముందు డ్రగ్స్ టెక్నికల్ అడ్వైజరీ బోర్డును సంప్రదించాలి. అవసరమనుకుంటే ఆయుర్వేదం, యునానీ తెలిసినవారినీ అడగాలి. ఏ జబ్బు అన్నది ఇప్పటికీ ప్రభుత్వమే చెబుతుంది. ఎలాంటి జబ్బు అన్నది మాత్రం పార్లమెంటు చెప్పింది. పాత క్లాజునూ కొత్త క్లాజునూ ఎదురెదురుగా రాస్తే మౌలిక విధి పరీక్ష మొత్తం ఆ తేడాలోనే దొరుకుతుంది.

విధానం అస్పష్టంగా ఉండటం ఒక రకం తప్పయితే, విధానాన్ని చూడకుండానే సంతకం పెట్టడం మరో రకం. అమ్మకపు పన్ను కోసం పుదుచ్చేరి శాసనసభ 1965లో ఒక చట్టం చేసింది (మన యానాం ఆ కేంద్రపాలిత ప్రాంతంలో భాగమే). సొంతంగా నియమాలు రాయకుండా, తమ చట్టం అమల్లోకి వచ్చేనాటికి మద్రాసు అమ్మకపు పన్ను చట్టం ఎలా ఉంటే అలా ఇక్కడా వర్తిస్తుందని అంది. అమలు తేదీని ప్రభుత్వానికి వదిలేసింది. ఆ తేదీ 1966 ఏప్రిల్ 1 అయింది. ఈలోగా మద్రాసు శాసనసభ తన చట్టాన్ని సవరించింది. పుదుచ్చేరి సభ్యులు ఓటు వేసినప్పుడు లేని నియమాలు పుదుచ్చేరి చట్టంలోకి వచ్చేశాయి. బి. శ్యామారావు కేసులో 1967లో సుప్రీంకోర్టు 3–2 మెజారిటీతో దీన్ని శాసనాధికారాన్ని పూర్తిగా వదులుకోవడమేనంది. మెజారిటీలో ప్రధాన న్యాయమూర్తి, మన కోకా సుబ్బారావు కూడా ఉన్నారు. పుదుచ్చేరి సభ తర్వాత తెచ్చిన సవరణ కూడా చట్టాన్ని కాపాడలేకపోయింది. పుట్టుకతోనే ప్రాణంలేని చట్టాన్ని సవరణతో లేపలేరని కోర్టు అంది.

తెలివైన ప్రశ్నపత్రం ఇక్కడ ఒక మెలిక పెడుతుంది. గ్వాలియర్ రేయాన్ కేసులో, 1973 చివర్లో, కేంద్ర అమ్మకపు పన్ను చట్టాన్ని ఇదే కారణంతో సవాలు చేశారు. రిజిస్టర్ కాని కొనుగోలుదారుకు అంతర్రాష్ట్ర అమ్మకం చేస్తే అప్పట్లో పన్ను 10 శాతం లేదా ఆ రాష్ట్రంలో ఉన్న రేటు, ఏది ఎక్కువైతే అది. రాష్ట్రం రేపు రేటు పెంచితే కేంద్ర రేటూ పెరుగుతుంది. ఇక్కడా భవిష్యత్తులో మరో శాసనసభ చేసే నిర్ణయాన్ని కళ్లు మూసుకుని తీసుకున్నట్లే కదా? కోర్టు కాదంది. రిజిస్టర్ కాని వ్యాపారుల ద్వారా పన్ను ఎగవేత జరగకూడదన్నది పార్లమెంటు సొంత విధానం. రేటును రాష్ట్ర రేటుకు కట్టడం ఆ విధానాన్ని అమలు చేసే పద్ధతి. పుదుచ్చేరి తీసుకున్నది మొత్తం చట్టాన్ని, పార్లమెంటు తీసుకున్నది ఒక్క రేటును.

ఈ కేసులోనే జస్టిస్ మాథ్యూ వేరే కొలబద్ద పెట్టారు. అప్పగించిన అధికారాన్ని శాసనసభ ఎప్పుడైనా రద్దు చేయగలిగితే అది అధికారాన్ని వదులుకున్నట్లు కాదన్నారు. జస్టిస్ ఖన్నా ఒప్పుకోలేదు. నేరాలు పెరిగాయి కనుక ఇకపై ఫలానా అధికారి రూపొందించేదే నేరచట్టమని శాసనసభ అంటే, రద్దు చేసే వీలుంది కదా అని దాన్ని నిలబెడతామా అని అడిగారు. నా ఓటు ఖన్నాకే. రద్దు చేసే అధికారం ప్రతి శాసనసభకూ ఎప్పుడూ ఉంటుంది. దాన్నే గీటురాయి చేస్తే ఏ చట్టమూ ఎన్నటికీ ఓడదు. మెజారిటీ కూడా ఖన్నా వైపే ఉంది. కనుక మాథ్యూ వాదనను రాసి, ఖండించిన తీరును రాయని జవాబు సగమే.

జవాబు రాసేటప్పుడు ఇంకొకటి గమనించండి. నిబంధన మాతృచట్టం హద్దు దాటితే పోయేది నిబంధన, చట్టం పదిలం. అధికారం మితిమీరి అప్పగిస్తే దెబ్బ తగిలేది చట్టానికే, ప్రభుత్వం ఆ అధికారాన్ని ఎంత నిజాయితీగా వాడినా సరే. హమ్‌దర్ద్‌లో ప్రభుత్వం చేర్చిన జబ్బులు తప్పా ఒప్పా అన్న చర్చకు చోటే లేకపోయింది అందుకే. అలాగే చట్టం ఎంతవరకు పోతుందో కూడా రాయండి. చెడ్డ ముక్క విడదీయగలిగితే హమ్‌దర్ద్‌లోలా కొన్ని మాటలే పోతాయి. చట్టమంతా ఆ ముక్క మీదే నిలబడి ఉంటే పుదుచ్చేరిలోలా మొత్తం పోతుంది.