మా పాప ఆటలో అరటిపండు కాదు

పిల్లలతో ఆడేటప్పుడు పెద్దవాళ్ళు కావాలని ఓడిపోవడం మన ఇళ్ళలో మామూలే. "పోనీలే, చిన్నపిల్ల" అంటాం. నాకది నచ్చదు. తొమ్మిదేళ్ళ పిల్లకి ఆ సంగతి ఇట్టే తెలిసిపోతుంది. తెలిసిన మరుక్షణం తను ఆటలో అరటిపండు అయిపోయినట్టే. అలాగని తాతయ్య పూర్తిగా ఆడితే నాలుగు రోజుల్లో పిల్ల గళ్ళ వైపే చూడదు. అందుకే తేడాని దాచకుండా, ముందే లెక్కగట్టి ఒప్పుకోవాలంటాను.

క్రోసూరులో మా ఇంట్లో సాయంత్రాలు ఆడేది పులీ మేకా. చాలామందికి తెలిసిన ఆటే. త్రిభుజం గీతల్లో ఇరవై మూడు చోట్లు, మూడు పులులు, పదిహేను మేకలు. మేకల్ని ఒక్కొక్కటిగా దించుతారు, అన్నీ దిగాకే అవి కదలాలి. పులి మాత్రం ముందునుంచే కదులుతుంది. పక్కనున్న మేక అవతల చోటు ఖాళీగా ఉంటే దూకి తినేస్తుంది. పులులన్నిటినీ కదలకుండా కట్టేస్తే మేకలది గెలుపు.

చిన్నవాళ్ళ కోసం మేకల సంఖ్య మార్చడమే అందరికీ ముందు తట్టే ఉపాయం. అది చెయ్యకండి. మామూలు ఆటలో అన్నీ దిగాక, ఒక్కటీ చావకపోతే, ఐదు చోట్లే ఖాళీ ఉంటాయి. ఆ ఇరుకులోనే ఆటంతా ఉంది. మేకల్ని పన్నెండు చేస్తే ఎనిమిది ఖాళీలు వస్తాయి, పులుల్ని కట్టెయ్యడం చాలా కష్టమవుతుంది. పదిహేడు చేస్తే మూడే ఖాళీలు, మేకలకే కదలడానికి చోటుండదు. పిల్ల నేర్చుకునేది అసలు ఆట కాకుండా పోతుంది. కాబట్టి గీతల మీద ఏదీ మార్చకుండా లెక్కలోనే సర్దాలి.

మా లెక్క ఇది. ఒక పోటీ అంటే రెండు ఆటలు. ఒకదాంట్లో తాతయ్యవి పులులు, రెండోదాంట్లో పాపవి. ఎవరి పులులు ఎన్ని మేకల్ని తింటే వాళ్ళకి అన్ని. ఆరు తిన్నా, పులులన్నీ చిక్కుకుపోయినా ఆ ఆట అయిపోయినట్టే. మేకలన్నీ దిగాక చెరో ఇరవై ఎత్తులు ఒక్క మేకా చావకుండా గడిచినా ఆపేస్తాం.

మొదటి మూడు పోటీలు ఏ సాయమూ లేకుండా ఆడించాను. తాతయ్యకి ఆరు, పాపకి రెండు. తర్వాత ఐదు, రెండు. ఆ తర్వాత ఆరు, ఒకటి. తేడాలు నాలుగు, మూడు, ఐదు. కలిపితే పన్నెండు, సగటున నాలుగు. ఆ నాలుగూ పాపకి "అరువు మేకలు". అంటే తాతయ్య ఐదు తిని, పాప రెండే తిన్నా, అరువుతో కలిపి తనకి ఆరు, పోటీ తనదే. వరసగా రెండు గెలిస్తే అరువులో ఒకటి తగ్గుతుంది. వరసగా రెండు ఓడితే ఒకటి పెరుగుతుంది, కానీ మొదటి నాలుగు దాటదు. సమానమైతే మార్పు లేదు. జపాన్‌లో బాగా ఆడే "గో" ఆటలోనూ తక్కువ స్థాయివాళ్ళు ఆట మొదలుకాకముందే కొన్ని రాళ్ళు పలకమీద పెట్టుకుంటారు. దాన్నెవరూ చిన్నతనంగా అనుకోరు.

లెక్క సరిగ్గా కుదిరిందో లేదో పది పోటీలు చూస్తే తెలుస్తుంది. ఇద్దరూ నాలుగు నుంచి ఆరు దాకా గెలుస్తుంటే కుదిరినట్టు. ఒకళ్ళే ఎనిమిది గెలిస్తే మళ్ళీ మూడు పోటీలు వట్టిగా ఆడించి అరువు కొత్తగా కట్టాలి.

దీన్ని పాడుచేసేది తాతగారి ముద్దే. ఎదురుగా దొరికిన మేకని వదిలేసి పులిని పక్కకి జరిపారనుకోండి, పాప ఊరుకోదు: "తాతయ్యా, ఆ మేక కనబడలేదా మీకు?" "కనబడిందిలే తల్లీ" అన్నారంటే ఆ పోటీ లెక్కలోకి రాదు. ఎందుకంటే అరువు ఇచ్చాక కూడా వదిలేస్తే అదే సాయం రెండుసార్లు చేసినట్టు.

నిజంగానే కనబడకపోతే? దానికి మేకలు అరువివ్వక్కర్లేదు. సాయంత్రం మసక వెలుతురులో నల్లబండ మీద చింతపిక్కలు ఆయన కళ్ళకి ఆనవు. అందుకని మేకలకి తెల్ల బొత్తాలు, పులులకి ఎర్రవి పెట్టి, గీతలు సుద్దముక్కతో లావుగా దిద్దాను. చూపు తగ్గితే సర్దాల్సింది పలకని, పాయింట్లని కాదు. ఆ రెండూ కలిపేస్తే ఎవరి ఆట ఎంతో ఎప్పటికీ తేలదు.

అష్టాచెమ్మాకి ఈ తంటా అంతగా ఉండదు. గవ్వలు పడేదాన్నిబట్టి సగం సమానం అదే అయిపోతుంది. బుర్రతో ఆడేవాటికే అరువు కావాలి.

ఇప్పుడు మా పాప అరువు రెండు. తగ్గినప్పుడల్లా గోడమీది క్యాలెండర్లో తనే రాసుకుంటుంది. తాతయ్య ఊరికే ఇచ్చిన గెలుపులు అక్కడ రాయడానికి ఏముంటుంది చెప్పండి?