మలుపులో గరిష్ఠ వేగం: లెక్కలోనూ, రోడ్డుమీదా

చదునైన వృత్తాకార మార్గంలో కారు జారిపోకుండా ప్రయాణించగల గరిష్ఠ వేగమెంత అన్న ప్రశ్న మన విద్యార్థులకు చిరపరిచితమే. ఘర్షణ గుణకాన్నీ, వ్యాసార్ధాన్నీ, గురుత్వ త్వరణాన్నీ గుణించి, వర్గమూలం కనుగొని, సమాధానం చుట్టూ ఒక పెట్టె గీసి, దాని ప్రక్కన "సురక్షిత వేగం" అని వ్రాస్తారు. అంకగణితం నిర్దోషమే. నా అభ్యంతరమంతా ఆ "సురక్షిత" అన్న విశేషణం మీదనే. అది సురక్షిత వేగం కాదు. భద్రత ఎక్కడ పూర్తిగా అంతమవుతుందో చూపే హద్దు అది. ఈ రెండింటికీ గల దూరం ఎంతో మన పెదకూరపాడు పరిసరాల రోడ్డు మీదనే చూడవచ్చు.

మలుపులో కారు దిశ మారాలంటే, దానిని వృత్త కేంద్రం వైపు లాగే బలమొకటి ఉండాలి. రోడ్డు చదునుగా ఉన్నప్పుడు ఆ పని చేయగలది టైరుకూ రోడ్డుకూ మధ్యనున్న ఘర్షణ ఒక్కటే. కావలసిన అభికేంద్ర బలం mv²/r. ఘర్షణ ఇవ్వగల అత్యధిక బలం μmg. ఈ రెండూ సమానమైన చోట v² = μgr అవుతుంది. ద్రవ్యరాశి ఇరువైపులా కొట్టివేయబడుతుంది. కావున బరువు వేసిన లారీకి మలుపులో పట్టు ఎక్కువన్న మాటకు ఈ సూత్రంలో ఆధారం లేదు. బరువు పెరిగితే పట్టు పెరిగే మాట నిజమే గాని, అవసరమూ సరిగ్గా అంతే పెరుగుతుంది.

ఇక్కడ ఒక చిన్న మాట. మౌఖిక పరీక్షలో అడిగితే, అపకేంద్ర బలం కారును బయటికి విసిరివేస్తుందని చాలామంది చెబుతారు. రోడ్డు ప్రక్కన నిలబడి చూచేవానికి అట్టి బలమేదీ లేదు. ఘర్షణ చాలనప్పుడు కారు మలుపు తిరగలేక ఇంచుమించు స్పర్శరేఖ వెంట సాగిపోతుంది, అంతే.

ఇక మన రోడ్డుకు వద్దాం. వ్యాసార్ధం ప్రశ్నపత్రంలో ఇచ్చినట్లు రోడ్డు మీద ఎవరూ వ్రాసిపెట్టరు. దానిని మనమే కొలవాలి. బండ్ల రాకపోకలు లేని వేళ, మలుపు లోపలి అంచు మీద రెండు బిందువులను 20 మీటర్ల తాడుతో బిగించి కలపండి. తాడు రోడ్డు ప్రక్కనున్న మట్టి మార్జినులో పడుతుంది గనుక బండ్లకు అడ్డురాదు. తాడు నడిమి నుండి రోడ్డు అంచుకు గల దూరం కొలవండి. జ్యా c, ఆ నడిమి దూరం s అయితే, r = c²/8s + s/2. ఒక మలుపులో s ఒక మీటరు వచ్చిందనుకుందాం. అప్పుడు r = 50 + 0.5, అనగా ఇంచుమించు 50 మీటర్లు. నడిమి కొలతలో పది సెంటీమీటర్ల పొరపాటు జరిగితే వ్యాసార్ధం సుమారు నూటికి పది వంతులు మారుతుంది. కాని వేగం వర్గమూలం గనుక అయిదు వంతులే మారుతుంది. ఈ మాత్రం తాడు కొలత మన పనికి చాలు.

ఎండిన తారురోడ్డు మీద మంచి టైరుకు ఘర్షణ గుణకం 0.7 అనుకుంటే, v² = 0.7 × 9.8 × 50 = 343. వేగం సెకనుకు 18.5 మీటర్లు, అనగా గంటకు సుమారు 67 కిలోమీటర్లు. వాన కురిసి గుణకం 0.4 కు దిగితే v² = 196; వేగం సెకనుకు 14 మీటర్లు, గంటకు 50 కిలోమీటర్లు. మన ప్రాంతంలో అంతకన్న కీడు మరొకటి ఉంది. పత్తి, మిరప చేలలో నుండి ట్రాక్టర్లు రోడ్డెక్కినప్పుడు చక్రాలకు అంటిన నల్లరేగడి రోడ్డంతా పరచుకుంటుంది. దాని మీద జల్లు పడితే గుణకం 0.2 కు పడిపోయిందనుకున్నా, వేగం గంటకు 36 కిలోమీటర్లు దాటరాదు. మలుపూ అదే, కారూ అదే, నడిపేవాడూ అతడే. నిన్నటి 67 నేడు 36 అయింది. ప్రశ్నపత్రంలో μ ఒక స్థిరమైన అంకె. రోడ్డు మీద దాని విలువ ఏ బోర్డు మీదా ఉండదు, దూరం నుండి కంటికీ ఆనదు.

అందుకే రోడ్లు నిర్మించే ఇంజనీర్లు 0.7 ను నమ్మరు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నియమాల ప్రకారం మలుపుల రూపకల్పనలో పార్శ్వ ఘర్షణ గుణకాన్ని 0.15 గా మాత్రమే తీసుకుంటారు. పై మలుపు చదునుగానే ఉంటే ఆ లెక్కన వచ్చే వేగం గంటకు 31 కిలోమీటర్లు. సురక్షితమన్న పేరుకు తగినది ఈ అంకె. మన విద్యార్థి పెట్టెలో గీసిన 67 లో ఇది సగం కూడా లేదు.

ఇంత వ్యత్యాసం ఎందుకని అడగవచ్చు. గుణకం మారుతుందన్నది ఒక కారణం. రెండవది బ్రేకు. టైరుకు గల పట్టు ఒక్కటే నిధి; మలుపు తిరగడానికీ, వేగం తగ్గించడానికీ అందులో నుండే ఖర్చు పెట్టాలి. రెండు బలాల ఫలితబలం μmg ను మించరాదు. తడిరోడ్డు మీద సరిగ్గా 50 కిలోమీటర్లతో పోయేవాడు ఆ నిధినంతా మలుపుకే ఖర్చు చేశాడు. ఎదురుగా గేదె అడ్డువచ్చి బ్రేకు మీద కాలు వేస్తే, ఆ క్షణమే చక్రాలు జారతాయి. జారనంతవరకూ టైరు నేలను తాకే చోటు క్షణకాలం నిశ్చలంగా ఉంటుంది, కనుక అక్కడ పనిచేసేది స్థైతిక ఘర్షణ. జారడం మొదలైతే దాని స్థానంలో తక్కువదైన గతిక ఘర్షణ వస్తుంది. కావున వేగం కొంత తగ్గినా పట్టు వెంటనే తిరిగి రాదు. బ్రేకు మలుపులో కాదు, మలుపుకు ముందే వేయాలని అనుభవజ్ఞులైన డ్రైవర్లు చెప్పేది ఇందుకే. హద్దు సమీపించినప్పుడు ఎండురోడ్డు మీద టైర్లు కీచుమంటాయి. బురద మీద ఆ హెచ్చరిక కూడా ఉండదు; స్టీరింగు తేలికై, తిప్పినా బండి తిరగకపోవడమే గుర్తు.

పుస్తకంలోని "చదును" కూడా మన రోడ్లకు పూర్తిగా వర్తించదు. నీరు నిలువకుండా నడుమ ఎత్తుగా, ఇరువైపులా వాలుగా రోడ్డు వేస్తారు. మనం ఎడమ ప్రక్కన నడుపుతాం గనుక, గట్టుకట్టని కుడి మలుపులో మన సగం రోడ్డు బయటి వైపుకే వాలి ఉంటుంది. ఆ వాలు నూటికి రెండున్నర వంతులే అయినా, బురద రోజున 36 ను 33 చేస్తుంది.

జారడమొకటే ప్రమాదమని కూడా అనుకోరాదు. పత్తి బోరాలు ఆకాశమంత ఎత్తు కట్టిన ట్రక్కును తలచుకోండి. చక్రాల మధ్య వెడల్పు 1.8 మీటర్లు, గరిమనాభి ఎత్తు కూడా 1.8 మీటర్లు అయితే, v² = gr × (వెడల్పు ÷ రెండింతల ఎత్తు) అయినప్పుడే అది బోల్తాపడుతుంది. మన మలుపులో అది గంటకు 56 కిలోమీటర్లు. ఎండురోడ్డు మీద అది 67 వద్ద జారేదాకా ఆగదు, అంతకు ముందే దొర్లుతుంది. ఇక్కడ మంచి పట్టు మేలు చేయదు.

హైదరాబాదులో బయోడైవర్సిటీ కూడలి వద్ద 2019 నవంబరులో ప్రారంభమైన పైవంతెన మీది నుండి అదే నెల 23న ఒక కారు క్రిందికి పడి, క్రింద నిలబడియున్న ఒక మహిళ మరణించింది. అక్కడి వేగ పరిమితి 40 కిలోమీటర్లు. కారు నూటికి పైగా వేగంతో వచ్చిందని పోలీసులు ప్రకటించారు. ఆ వంపు చదునైనదని నేను అనను, దాని వ్యాసార్ధమూ మనకిక్కడ అక్కరలేదు. వేగం రెండున్నర రెట్లయితే కావలసిన అభికేంద్ర బలం ఆరుంబావు రెట్లవుతుంది. ఏ వంపుకైనా ఇది తప్పదు. పత్రికలలో మాత్రం చర్చ వంతెన తప్పా, నడిపినవాని తప్పా అన్నదాని చుట్టూనే ఎక్కువగా తిరిగింది. ఈ వర్గం సంగతి వ్రాసినవారు తక్కువ.

కళాశాల సంఘం వారికి నాదొక మనవి. భౌతికశాస్త్ర ప్రయోగశాలలో చెక్కదిమ్మె మీద ఘర్షణ గుణకం కనుగొనే ప్రయోగం చేయిస్తున్నాము. ఆ రికార్డులో మరొక పుట చేర్చి, ప్రతి విద్యార్థి తాను రోజూ వచ్చే దారిలోని ఒక మలుపును తాడుతో కొలిచి, ఎండకు, వానకు, బురదకు మూడు వేగాలను వేరువేరుగా వ్రాసేటట్లు అనుమతించవలెను. ఖర్చు ఇరవై మీటర్ల తాడు.