ఉడుమా, పిట్టా?

మా భైంసాలో గడ్డెన్న వాగు ఒడ్డున వేలంత ఎముక దొరికింది. "ఉడుముదే, ఎవరో కొట్టి తిన్నరు" అన్నాడు తమ్ముడు. ఉడుమును వేటాడితే కేసే కదా, అందుకే జాగ్రత్తగా చూశా. విరిగిన చోట గోడ పల్చగా ఉంది, లోపలంతా ఖాళీ. ఉడుముకైతే గోడ మందంగా, లోపలి సందు ఇరుకుగా ఉంటుంది. కుందేలుదీ ఇంత పల్చగా ఉండదు. అయినా బోలుగా ఉందని పిట్ట ఖాతాలో వేసేయొద్దు. నీళ్లలో మునిగే నీటికాకి ఎముకలు కాస్త గట్టివే.

ఫోన్ టార్చ్ పక్కనుంచి ఏటవాలుగా వేశా. ఒక అంచు వెంట వరసగా చిన్న బొడిపెలు! రెక్క ఈకలు ముంజేతి ఎముకకు అతుక్కునే చోట్లవి. కుందేలుకీ ఉడుముకీ ఈకలే లేవు, ఇక బొడిపెలెక్కడివి? తమ్ముడి కేసు కొట్టేశాం. బొడిపెలు లేనంత మాత్రాన పిట్ట కాదనలేం, కొన్నింట్లో అవి కనీ కనిపించవు. ఇది కొంగదా, ఇంకోదానిదా అన్నది ఇంకా తేలలేదు.