దూరవిద్య డిగ్రీ చెల్లుతుందో లేదో ఫీజు కట్టేముందే తేల్చుకోవాలి

తెలుగు రాష్ట్రాల పబ్లిక్ సర్వీస్ కమిషన్ల నోటిఫికేషన్లలో విద్యార్హతల పట్టికను అందరూ చూస్తారు. దూరవిద్య గురించి ఉండే షరతును మాత్రం చాలామంది దాటేస్తారు. సార్వత్రిక, దూరవిద్య విధానాల్లో పొందిన డిగ్రీకి సంబంధిత కేంద్ర సంస్థ గుర్తింపు ఉండాలని, ఆ గుర్తింపు ఉందని నిరూపించుకునే బాధ్యత అభ్యర్థిదేనని ఆ షరతు చెబుతుంది. పరీక్ష రాసి, మెరిట్ జాబితాలోకి వచ్చి, సర్టిఫికెట్ల పరిశీలన బల్ల ముందు నిలబడ్డాక దాని బరువు తెలుస్తుంది. డిగ్రీ చేతికొచ్చి ఏళ్లు గడిచాక ఆనాటి గుర్తింపు కాగితం కోసం యూనివర్సిటీ చుట్టూ తిరగాల్సి వస్తుంది.

దూరవిద్య డిగ్రీ తక్కువదన్న అపోహకు చట్టంలో చోటు లేదు. దేశంలోనే తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాద్‌లో పుట్టింది. నేటి అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అదే. గుర్తింపు ఉన్న సంస్థ నుంచి దూరవిద్యలో గానీ ఆన్‌లైన్‌లో గానీ పొందిన డిగ్రీ, కాలేజీకి వెళ్లి చదివిన డిగ్రీతో సమానమని యూజీసీ 2020 నిబంధనల్లో రాసింది. 2022 సెప్టెంబరులో మళ్లీ ప్రకటించింది కూడా. కాబట్టి చిక్కంతా 'గుర్తింపు ఉన్న' అన్న రెండు మాటల దగ్గరే ఉంది.

'ఈ యూనివర్సిటీకి గుర్తింపు ఉందా?' అని అడిగితే సరిపోదు. యూనివర్సిటీకి ఉండొచ్చు, అది నడిపే ఒక దూరవిద్య కోర్సుకు లేకపోవచ్చు. నిరుడు ఉండొచ్చు, ఈ ఏడాది లేకపోవచ్చు. అనుమతి కోర్సు వారీగా, విద్యా సంవత్సరం వారీగా, దూరవిద్యా ఆన్‌లైనా అన్న విధానం వారీగా వస్తుంది. అభ్యర్థి ఏ ఏడాది చేరాడో ఆ ఏడాది పరిస్థితే లెక్కలోకి వస్తుంది. 2013 దాకా ఈ పని ఇగ్నో కింద ఉన్న దూరవిద్యా మండలి చూసేది. ఆ తర్వాత యూజీసీలోని దూరవిద్యా బ్యూరో చేతికి వచ్చింది. 2010లో చేరినవారు మండలి అనుమతిని చూపాలి, 2021లో చేరినవారు బ్యూరో అనుమతిని చూపాలి.

ఈ తేడాను పట్టించుకోకపోతే ఏమవుతుందో 2017 నవంబరు 3న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చూపించింది. ఒడిశా లిఫ్ట్ ఇరిగేషన్ కార్పొరేషన్‌లో పదోన్నతి వివాదంగా మొదలైన కేసు అది. రాజస్థాన్‌లోని రెండు, అలహాబాద్, సేలంలలోని చెరొకటి కలిపి నాలుగు డీమ్డ్ యూనివర్సిటీలు 2001 నుంచి ముందస్తు అనుమతి లేకుండా దూరవిద్యలో ఇంజినీరింగ్ డిగ్రీలు నడిపాయి. అనుమతి ఆ తర్వాత, వెనకటి తేదీలకు వర్తించేలా వచ్చింది. అలా ఇవ్వడం చెల్లదని కోర్టు తేల్చింది. 2001-05 మధ్య చేరినవారి డిగ్రీలను నిలిపివేసి, ఏఐసీటీఈ పర్యవేక్షణలో పరీక్ష రాసి నెగ్గే అవకాశం ఇచ్చింది. ఆ తర్వాతి బ్యాచ్‌లవారి డిగ్రీలను రద్దు చేసింది. యూనివర్సిటీలు అసలైనవే, విద్యార్థులు ఫీజులు కట్టింది నిజమే. అయినా డిగ్రీ నిలబడలేదు.

ఇక చేరబోయేవారి సంగతి. నల్లగొండలో ఒక యువతి బీకాం పూర్తిచేసి చిన్న ఉద్యోగంలో ఉందనుకుందాం. బస్టాండు దగ్గర వేరే రాష్ట్ర ప్రభుత్వ యూనివర్సిటీ పేరుతో 'దూరవిద్య ఎంబీఏ, ఇక్కడే అడ్మిషన్, ఇక్కడే పరీక్ష' అన్న బోర్డు చూసింది. ఆమె మొదట చూడాల్సింది ఎల్లలు. రాష్ట్ర యూనివర్సిటీ దూరవిద్య కోర్సును తన రాష్ట్రం దాటి నడపకూడదు, ఫ్రాంచైజీ పద్ధతిలో కేంద్రాలు ఇవ్వకూడదు. ఇగ్నోకు దేశమంతా పరిధి ఉంది. ఆన్‌లైన్ డిగ్రీకి ఈ ఎల్లలు లేవు, అయితే అది వేరే అనుమతి. కాబట్టి ఆ బోర్డు దగ్గరే ఆమె ఆగిపోవచ్చు.

ఎల్లల చిక్కు లేని సంస్థను ఎంచుకున్నాక deb.ugc.ac.in తెరవాలి. తాను చేరే విద్యా సంవత్సరం, జులైలో మొదలయ్యే విడతా జనవరిదా, సంస్థ పేరు, విధానం, చివరగా కోర్సు పేరు. ఈ ఐదూ కలిసే చోట ఎంబీఏ కనిపించాలి. ప్రాస్పెక్టస్‌లో ఉన్న పేరూ జాబితాలోని పేరూ ఒకటే కావాలి. ఆ పేజీని తేదీ కనిపించేలా అచ్చు తీసి దాచుకోవాలి. 2024 నుంచి విద్యార్థి ఇదే పోర్టల్‌లో డీఈబీ ఐడీ సృష్టించుకుని అడ్మిషన్ తీసుకోవాలి. ఐడీ అవసరం లేదు, మేమే చూసుకుంటామని ఏజెంటు అన్నాడంటే ఆ మాటే హెచ్చరిక. ఇంజినీరింగ్, వైద్యం, నర్సింగ్, ఫార్మసీ, న్యాయశాస్త్రం డిగ్రీలకు దూరవిద్యలో అనుమతే లేదు. పీహెచ్‌డీకీ లేదు. దూరవిద్య బీఈడీకి యూజీసీతోపాటు ఎన్‌సీటీఈ అనుమతి కూడా కావాలి. 'వన్ సిట్టింగ్ డిగ్రీ' అంటూ మూడేళ్ల చదువును ఒకేసారి పరీక్షలు పెట్టి ముగిస్తామనే ప్రకటనలను నమ్మే ప్రశ్నే లేదు.

గుర్తింపు పక్కాగా ఉన్నా కొన్ని తలుపులు తెరుచుకోవు. ఇంటర్ లేకుండా అర్హత పరీక్ష రాసి ఓపెన్ డిగ్రీలో చేరినవారు మన దగ్గర ఎందరో ఉన్నారు. చదువు మధ్యలో ఆగిపోయిన మహిళలకు, కార్మికులకు ఆ దారి ఎంతో మేలు చేసింది. అయితే వారు లాసెట్ రాసి న్యాయ కళాశాలలో చేరాలంటే బార్ కౌన్సిల్ 2008 నిబంధనలు అడ్డొస్తాయి. ఇంటర్ చదివి దూరవిద్యలో డిగ్రీ చేసినవారు అర్హులే. ప్రాథమిక అర్హత లేకుండా నేరుగా ఓపెన్ యూనివర్సిటీ డిగ్రీ పొందినవారు కారు. అందుకే పైచదువుల ఆలోచన ఉన్నవారు ముందుగా సార్వత్రిక పాఠశాల ద్వారా ఇంటర్ పూర్తిచేసి, ఆ తర్వాతే డిగ్రీలో చేరడం క్షేమం. డిగ్రీ అయ్యాక వెనక్కి వెళ్లి ఇంటర్ రాస్తే ఆ లోటు తీరుతుందన్న హామీ లేదు.

ఇప్పటికే డిగ్రీ ఉన్నవారు నోటిఫికేషన్ వచ్చేదాకా ఆగకూడదు. తాము చేరిన ఏడాదికి సంబంధించిన అనుమతి ఉత్తర్వు నకలు కావాలని యూనివర్సిటీ రిజిస్ట్రార్‌కు రాయాలి. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద యూజీసీని అడగాలి. 'మాకు గుర్తింపు ఉంది' అని ఏడాది లేకుండా ఇచ్చే ఉత్తరం పనికిరాదు. అందులో కోర్సు పేరు, విద్యా సంవత్సరం, ఉత్తర్వు సంఖ్య ఉండాలి.

ఇంత పని అభ్యర్థి నెత్తిన పెట్టడం న్యాయం కాదు. అనుమతులిచ్చేది ప్రభుత్వ సంస్థ. జాబితా దాని దగ్గరే ఉంది. కొత్తవారికి ఐడీ ఇస్తున్నదీ అదే. నియామక కమిషన్లు ఆ జాబితాను నేరుగా చూసి, దరఖాస్తు దశలోనే డిగ్రీ చెల్లుతుందో లేదో అభ్యర్థికి చెప్పవచ్చు. పరీక్షలన్నీ అయ్యాక పరిశీలన బల్ల దగ్గర చెప్పడం కంటే అది ఎంతో మేలు. పాత బ్యాచ్‌ల కోసం దూరవిద్యా మండలి కాలం నాటి ఉత్తర్వులన్నిటినీ ఏడాది వారీగా ఒక్కచోట వెతుక్కునేలా యూజీసీ పెట్టాలి. రెండు రాష్ట్రాల కమిషన్లూ వచ్చే నోటిఫికేషన్‌తోనే ఈ మార్పు మొదలుపెట్టాలి.